కదలని బొమ్మకు కాస్త కదలిక: పప్పెట్ పిన్నుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అంతటికీ ఒకే బొమ్మను ఉదాహరణగా తీసుకున్నాను. సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్న అవ్వ, ఆమె కుడి చేతిలో తాటాకు విసనకర్ర, పక్కనే అరుగు అంచున కునుకు తీస్తున్న పిల్లి, అరుగు మీద నుంచి కిందికి వేలాడుతున్న దాని తోక. కథ చదివి వినిపించే వీడియోకు గీసిన బొమ్మ ఇది. కథ సాగినంతసేపూ తెర మీద ఇదే ఉండాలి. అవ్వ ఊపిరి తీయాలి, విసురుకోవాలి, పిల్లీ ఊపిరి తీయాలి, దాని తోక ఊగాలి. ఇంతకు మించి కదలిక అక్కరలేదు. 8 సెకన్ల ముక్క ఒకటి తయారుచేసి, అతుకు కనపడకుండా దాన్నే తిప్పి తిప్పి వాడుకోవాలి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన మొత్తం 200 ఫ్రేములు. తెర కొలత 1920×1080. పని చేసింది ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, దాని పప్పెట్ పరికరంతో కాబట్టి పరికరాల పేర్లు తెర మీద కనిపించేట్టే ఇచ్చాను.

పిన్ను పెట్టి లాగినప్పుడు బొమ్మకు అసలు ఏమవుతుంది?

లేయర్‌లో బొమ్మ ఉన్నంత మేర అంచును సాఫ్ట్‌వేర్ గుర్తించి, దాని లోపలంతా చిన్న చిన్న త్రిభుజాలతో ఒక వల అల్లుతుంది. ఆ వలే మెష్. బొమ్మ ఆ వలకు అతికించిన పలుచని రబ్బరు ముక్కలాంటిది అనుకోండి. పిన్ను ఆ రబ్బరును ఒకచోట పట్టుకుంటుంది. పిన్నును జరిపితే, మిగిలిన త్రిభుజాలన్నీ తమ ఆకారం చెడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూనే కొత్త చోట్లకు సర్దుకుంటాయి. వీలైతే పక్కకు తిరుగుతాయి, తప్పనిసరైతేనే సాగుతాయి. ఈ లెక్కకు ఆధారం తకియో ఇగరాషి, టోమర్ మాస్కోవిచ్, జాన్ హ్యూస్ 2005 సిగ్రాఫ్ సదస్సులో ప్రచురించిన పత్రం. 2007లో వచ్చిన CS3 కూర్పుతో పప్పెట్ పరికరం ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి చేరింది.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటే. ఆ వలకు ఎముక తెలియదు, కీలు తెలియదు. అవ్వ మోచేయి ఎక్కడుందో, విసనకర్ర గట్టిదో మెత్తనిదో దానికి తెలియదు. అంతా ఒకే రబ్బరు. కింద చెప్పబోయే చిక్కుల్లో చాలా వరకు దీని నుంచి పుట్టినవే.

ఒక పిన్ను పెట్టి లాగితే బొమ్మ మొత్తం జరిగిపోతోంది. ఎందుకు?

పట్టి ఉంచే పిన్ను మరొకటి లేదు కాబట్టి. ఒక్క మేకుకు వేలాడే క్యాలెండర్‌ను జరిపితే మొత్తం జరుగుతుంది కదా. రెండో పిన్ను పెట్టగానే బొమ్మ ఆ రెండింటి మధ్య తిరుగుతుంది, సాగుతుంది. మూడోది పెట్టాక గానీ వంగడం అనేది మొదలుకాదు.

కొత్తగా నేర్చుకునేవారు కదలాల్సిన చోట్ల మాత్రమే పిన్నులు పెడతారు. నా అలవాటు దీనికి తిరగబడి ఉంటుంది. ముందు కదలకూడని చోట్లన్నీ పిన్నులతో బిగిస్తాను. అవ్వ బొమ్మలో మొదటి నాలుగు పిన్నులు పడినది తుంటికి రెండు వైపులా, మడిచిన మోకాళ్ల మీద. ఆ నాలుగూ 200 ఫ్రేముల్లో ఒక్క పిక్సెల్ కూడా జరగవు. అవి లేకపోతే ఊపిరి తీసిన ప్రతిసారీ అవ్వ అరుగు మీద జారుతున్నట్టు ఉంటుంది. బొమ్మ కింది నీడ కదలక, చీర అంచు మాత్రం కదులుతుంటే చూసేవారి కన్ను వెంటనే పట్టేస్తుంది.

నా దగ్గర బొమ్మ ఒకే లేయర్‌గా, జేపీజీ ఫైలుగా ఉంది. నేరుగా పిన్నులు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ అవ్వతో పాటు అరుగూ గోడా కూడా ఊపిరి తీస్తాయి. జేపీజీలో పారదర్శకత ఉండదు కాబట్టి, సాఫ్ట్‌వేర్‌కు దొరికే అంచు బొమ్మ చుట్టూ ఉన్న దీర్ఘచతురస్రం ఒక్కటే. మనిషి ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలయిందో చెప్పవలసినది మనమే, అంటే కత్తిరించాలి.

అవ్వ బొమ్మను ఆరు ముక్కలు చేశాను: వెనక గోడా అరుగూ, అవ్వ మొండెమూ తలా కలిపి ఒకటి, కుడి చెయ్యి, విసనకర్ర, పిల్లి ఒళ్లు, పిల్లి తోక. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది, అది కదలదు కాబట్టి దాన్ని మొండెంలోనే వదిలేశాను. కత్తిరించే చోటు నిర్ణయించేది కదలిక. కదలనిదాన్ని విడదీయడం వృథా శ్రమ.

ముక్కలను వేరు చేయడానికి ఇంకో కారణమూ ఉంది. చెయ్యి నడుముకు ఆనుకొని ఉంటే, రెండూ ఒకే ముక్కలో ఉన్నప్పుడు వలకు అవి ఒకటే వస్తువు. చెయ్యి ఎత్తగానే నడుము చర్మం కూడా దానితో పాటు లేస్తుంది, బాతు వేళ్ల మధ్య పొరలాగా.

ముక్కలు కోసిన చోట వెనక ఖాళీ మిగులుతుంది. అదంతా గీయాలా?

అంతా అక్కరలేదు. కదిలినప్పుడు బయటపడేంత మేర గీస్తే చాలు. విసిరే చెయ్యి తన మొదటి చోటు నుంచి అటూ ఇటూ 40 పిక్సెళ్లు జరుగుతుందనుకుంటే, దాని వెనక చీరను అంచు నుంచి 60 పిక్సెళ్ల లోపలి దాకా పూరించండి. తోక వెనక అరుగు గోడ సున్నం రంగే కాబట్టి అక్కడ పని రెండు నిమిషాలు. అవ్వ చీర మాత్రం గళ్ల చీర. చెయ్యి వెనక గళ్లను లెక్క తప్పకుండా కలుపుతూ గీయడానికి ఒక పూట పట్టింది.

బొమ్మను గీసేది మీరే అయితే, గీసేటప్పుడే చెయ్యి వేరే లేయర్‌లో గీయండి. తరువాత పడే పాట్లలో సగం అక్కడే తప్పుతాయి. కొలత కూడా అప్పుడే చూసుకోండి. తెర 1920 పిక్సెళ్లయితే బొమ్మను 3000 పిక్సెళ్ల వెడల్పున గీయడం మంచిది. వల సాగిన చోట గీతలు మసకబారుతాయి, పెద్ద బొమ్మలో అది తెలియదు.

అవ్వ ఊపిరి తీయడానికి ఎన్ని పిన్నులు పెట్టారు? ఎంత జరిపారు?

మొండెం ముక్కకు మొత్తం పది. బిగించిన నాలుగింటి సంగతి పైన చెప్పాను. భుజాలకు రెండు, రొమ్ము మధ్యలో ఒకటి, తలకు మూడు: గడ్డం కింద ఒకటి, రెండు కణతల దగ్గర చెరొకటి. రొమ్ము మీద పెట్టినది మాత్రం Puppet Bend Pin. ఈ రకం పిన్ను తన చోటును చుట్టూ ఉన్న పిన్నులను బట్టి తానే సర్దుకుంటుంది. మన చేతిలో ఉండేవి దాని పరిమాణం, తిప్పుడు మాత్రమే. ఊపిరికి కావలసింది సరిగ్గా అదే. చోటు మారకుండా రొమ్ము కాస్త ఉబ్బాలి.

పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒక ఊపిరికి 4 సెకన్లు పెడితే నిమిషానికి 15 అవుతుంది, 8 సెకన్లలో సరిగ్గా రెండు ఊపిర్లు పడతాయి. 4 సెకన్లంటే 100 ఫ్రేములు. వాటిని సగం సగం పంచితే అవ్వ కొలిమి తిత్తిలా ఉంటుంది. పీల్చడం త్వరగా, వదలడం నెమ్మదిగా ఉండాలి, వదిలాక కాసేపు ఆగాలి. నేను 0 నుంచి 36 వరకు పీల్చడానికి, 40 వరకు చిన్న ఆగుడు, 84 వరకు వదలడానికి, 100 వరకు విశ్రాంతికి ఇచ్చాను. అంటే ఏ ఫ్రేములో ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు, కీఫ్రేములు, ఒక్కో పిన్నుకు ఐదు. వాటన్నిటికీ F9 నొక్కితే మొదలూ చివరా మెత్తబడతాయి. ఆ తరువాత ప్రతి కదిలే పిన్నుకూ ఈ ఒక్క పంక్తిని ఎక్స్‌ప్రెషన్‌గా పెడితే రెండో ఊపిరి దానంతట అదే వస్తుంది:

```
loopOut("cycle")
```

ఇక ఎంత జరగాలన్నది. భుజాలు 4 పిక్సెళ్లు పైకి, తల 3 పిక్సెళ్లు పైకి, రొమ్ము పిన్ను పరిమాణం 100 నుంచి 102 శాతానికి. మొదటిసారి నేను భుజాలను 15 పిక్సెళ్లు లేపాను. పనిచేస్తున్నప్పుడు బాగానే కనిపించింది, ఎందుకంటే పనిచేసేవారు కదలిక కోసం వెతుకుతూ ఉంటారు. మర్నాడు చూస్తే అవ్వ ఇప్పుడే పరుగెత్తుకొచ్చి కూర్చున్నట్టుంది.

తల కీఫ్రేములను భుజాల కంటే 3 ఫ్రేములు ఆలస్యంగా వచ్చేట్టు జరపండి. మెడ ఉన్న సంగతి చూసేవారికి తెలిసేది ఆ 3 ఫ్రేముల వల్లే. అలా జరిపినా లూప్ తెగదు, ఎందుకంటే చివరి 16 ఫ్రేములు విశ్రాంతి. ఆ జరుపుడు అందులో కలిసిపోతుంది.

కదిలేటప్పుడు ముఖం వింతగా మారుతోంది.

ముఖంలో రెండు పిక్సెళ్ల తేడా కూడా కంటికి తెలుస్తుంది. ఒక కన్ను కిందికి జారినట్టు, నవ్వు వంకరపోయినట్టు ఉంటుంది. తలకు పెట్టిన మూడు పిన్నులనూ కలిపి ఎంచుకొని ఒకే దూరం, ఒకే దిక్కుకు జరపండి. విడివిడిగా లాగితే తల రబ్బరు బంతి అవుతుంది. అప్పటికీ చాలకపోతే Puppet Starch Pin పెట్టండి. పేరుకు తగ్గట్టే అది గంజి. పెట్టిన చోట చుట్టూ ఉన్న త్రిభుజాలు వంగకుండా బిగుసుకుంటాయి. దానికి Extent అనే విలువ ఉంటుంది. గంజి ఎంత దూరం పాకాలో అది చెబుతుంది. ముఖం మొత్తం అందులో పడేలా పెంచి, మెడ దగ్గర ఆపండి. మెడ కూడా బిగుసుకుంటే తల భుజాల మీద పెట్టిన కుండలా కదులుతుంది.

విసనకర్ర అరటాకులా వంగిపోతోంది. గంజి పిన్ను సరిపోదా?

సరిపోవచ్చు, కానీ నేను వాడను. గట్టి వస్తువును వంచే పరికరానికి అప్పగించి, మళ్లీ వంగకుండా దానితో పోట్లాడడం ఎందుకు? విసనకర్రను వేరే లేయర్ చేసి, దాని యాంకర్ పాయింటును పిడి దగ్గర అవ్వ పిడికిలి మీద పెట్టి, మామూలు రొటేషన్‌తో తిప్పండి. అటు 9 డిగ్రీలు, ఇటు 9 డిగ్రీలు. 8 సెకన్లలో ఐదు ఊపులు, అంటే ఊపుకు 40 ఫ్రేములు. తాటాకు కొసకు మాత్రం కాస్త వంపు కావాలనిపిస్తే కొస దగ్గర ఒక పిన్ను, పిడి దగ్గర రెండు పిన్నులు పెట్టి, కొసను 5 పిక్సెళ్లు ఊపుకు ఎదురుగా వెనకబడనివ్వండి.

కర్ర, కుర్చీ, పుస్తకం, కళ్లజోడు, గాజులు, ఇవేవీ వలలోకి రాకూడదు. గాజుల విషయంలో ఒకసారి దెబ్బతిన్నాను. చేతితో పాటే వదిలేశాను, మణికట్టు వంగినప్పుడల్లా గాజులు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి.

మోచేతి దగ్గర చెయ్యి నలిగిపోయి సన్నబడుతోంది.

రబ్బరు గొట్టాన్ని మడిచినా అంతే. లోపలి వైపు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, బయటి వైపు సాగుతాయి. నా అనుభవంలో 30 డిగ్రీల వంపు వరకు పిన్నులు పనికొస్తాయి. మోచేతికి సరిగ్గా మధ్యలో ఒక పిన్ను కాకుండా, దానికి కాస్త పైన ఒకటి, కాస్త కింద ఒకటి పెడితే మడత పదునుగా కాక గుండ్రంగా వస్తుంది. అంతకు మించి వంగాలంటే చేతిని రెండు ముక్కలు చేయక తప్పదు.

ఆ కోత ఎలా కోయాలో తెలుసుకోవాలంటే తోలుబొమ్మను చూడండి. నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మల్లో చెయ్యి ఒకే తోలు ముక్క కాదు. పై ముక్క కింది ముక్క మీదికి ఎక్కి ఉంటుంది, ఆ రెండూ కలిసిన చోట దారం ముడి. కీలు దగ్గర అంచు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పినా సందు కనిపించదు. తెర మీద కూడా ఇదే కొలత. ముంజేయి ముక్క పై చివరను మోచేతి వెడల్పు ఉన్న అర్ధవృత్తంగా కోసి, యాంకర్ పాయింటును ఆ వృత్త కేంద్రంలో పెట్టండి. నల్ల గీత ఉన్న బొమ్మ అయితే, ఆ అర్ధవృత్తం మీద గీతను తుడిచేయండి. లేకపోతే మోచేతి మీద ఎవరో గుండ్రంగా గుర్తు పెట్టినట్టుంటుంది.

భుజం పిన్నుతో లేస్తోంది, విడదీసిన చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోతోంది. దాన్ని భుజానికి ఎలా కట్టాలి?

ఈ ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. చేతి లేయర్‌ను మొండెం లేయర్‌కు పేరెంట్ చేసినా లాభం లేదు. ఎందుకంటే మొండెం లేయర్ కదలడం లేదు, దాని లోపలి వల మాత్రమే కదులుతోంది. పిన్నుకు నేరుగా పేరెంట్ చేసే వీలు లేదు. కాబట్టి మధ్యలో ఒక నల్ ఆబ్జెక్టును, అంటే రెండర్‌లో కనపడని ఖాళీ లేయర్‌ను పెట్టాలి. భుజం పిన్నుకు `shoulder_R` అని, మొండెం లేయర్‌కు `avva` అని పేరు పెట్టి, నల్ పొజిషన్‌కు ఈ ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి:

```
L = thisComp.layer("avva");
p = L.effect("Puppet").arap.mesh("Mesh 1").deform("shoulder_R").position;
L.toComp(p)
```

ఇప్పుడు నల్ ఆ పిన్ను వెంటే పోతుంది. చేతి లేయర్‌ను ఆ నల్‌కు పేరెంట్ చేస్తే భుజం 4 పిక్సెళ్లు లేచినప్పుడు చెయ్యీ 4 పిక్సెళ్లు లేస్తుంది. విసనకర్రను చేతి మణికట్టు పిన్నుకు కూడా ఇలాగే కట్టాను. చేతికీ ఇప్పుడు తన నల్ ఉంది, విసనకర్రకూ తన నల్ ఉంది. పైనున్నది కదిలితే కిందివన్నీ వరుసగా కదులుతాయి.

పిల్లి తోక ఊగుతోంది కానీ గడియారం లోలకంలా ఉంది.

తోకంతా ఒకేసారి కదులుతోందన్నమాట. మొదలు ముందు కదలాలి, ఆ కదలిక కొసకు చేరడానికి కొంత సమయం పట్టాలి. తోక పొడవు మన బొమ్మలో 240 పిక్సెళ్లు. నాలుగు పిన్నులు పెట్టాను. మొదటిది తోక మొదట్లో, అది కదలదు. మిగిలిన మూడింటికీ ఒకే ఎక్స్‌ప్రెషన్, అంకెలు మాత్రం వేరు:

```
amp = 14;
per = 2;
lag = 0.2;
value + [amp * Math.sin(2 * Math.PI * (time - lag) / per), 0]
```

`amp` అంటే ఎన్ని పిక్సెళ్లు పక్కకు పోవాలి, `per` అంటే ఒక ఊపుకు ఎన్ని సెకన్లు, `lag` అంటే ఎంత ఆలస్యంగా. పైన ఇచ్చినవి రెండో కదిలే పిన్ను అంకెలు. దాని పైనున్న పిన్నుకు 6 పిక్సెళ్లు, 0.1 సెకను. కొసకు 26 పిక్సెళ్లు, 0.3 సెకను. ఆలస్యాన్ని 0.3 నుంచి 0.6 చేసి చూడండి, నిద్రపోతున్న పిల్లి తోక పాములా మెలికలు తిరుగుతుంది.

ఈ ఎక్స్‌ప్రెషన్ కొసను అడ్డంగా మాత్రమే జరుపుతుంది. నిజానికి ఊగే తోక కొస కాస్త పైకి కూడా లేవాలి. 26 పిక్సెళ్లకు లేవాల్సింది ఒకటిన్నర పిక్సెల్ లోపే కాబట్టి వదిలేయవచ్చు. అదే 90 పిక్సెళ్లు ఊపాలనుకుంటే 17 పిక్సెళ్లు పైకి లేవాలి. లేపకపోతే 240 పిక్సెళ్ల తోక ఊపు చివరన 256 అవుతుంది. తోక సాగిందని ఎవరూ అనరు గానీ, ఏదో తేడాగా ఉందని అంటారు.

లూప్ తిరిగి మొదలయ్యేచోట చిన్న కుదుపు వస్తోంది.

రెండు కారణాల్లో ఒకటి. మొదటిది, ఊపుల కాలం 8 సెకన్లలో నిండుగా పట్టకపోవడం. అవ్వ ఊపిరి 2 సార్లు, పిల్లి ఊపిరి 3 సార్లు, తోక 4 సార్లు, విసనకర్ర 5 సార్లు. అన్నీ నిండు సంఖ్యలే కాబట్టి 200వ ఫ్రేము దగ్గర అన్నీ మొదటికి వస్తాయి. అంకెలు వేరువేరుగా ఉండడం వల్ల మధ్యలో ఇవన్నీ ఒక తాళానికి కదులుతున్నట్టూ అనిపించదు.

రెండోది, ఒక ఫ్రేము ఎక్కువ రెండర్ చేయడం. ఫ్రేముల లెక్క 0 నుంచి మొదలవుతుంది, కాబట్టి చివరిది 199. 200వ ఫ్రేము అంటే మళ్లీ 0వదే. దాన్నీ కలిపితే ఒకే భంగిమ రెండు ఫ్రేములు నిలిచి, చిన్న తడబాటుగా కనిపిస్తుంది.

బిగించిన పిన్ను కూడా మెల్లగా జారుతోంది.

పని మధ్యలో మీ చెయ్యి దానికి తగిలి ఉంటుంది. పిన్ను పెట్టగానే ఆ ఫ్రేములో ఒక కీఫ్రేము పడుతుంది. తరువాత ఏ ఫ్రేములో దాన్ని కదిపినా, చెప్పకుండానే రెండోది పడుతుంది. లేయర్‌ను ఎంచుకొని U నొక్కితే కీఫ్రేములన్నీ కనిపిస్తాయి. బిగించిన పిన్నుకు ఒకే ఒక్క వజ్రం గుర్తు ఉండాలి, అదీ 0వ ఫ్రేములో. రెండోది కనిపిస్తే తీసేయండి. పిన్నులు పెట్టే ముందు టైమ్‌లైన్ గీతను 0కు తేవడం ఈ పనిలో చేసుకోవలసిన మొదటి అలవాటు.

కంటికి ఆనని జారుడును పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మార్పులేని అసలు బొమ్మను అన్నిటికీ పైన పెట్టి, బ్లెండింగ్ మోడ్ Difference చేయండి. కదలని చోటంతా నల్లగా ఉంటుంది, కదిలిన చోట అంచులు వెలుగుతాయి. మోకాలి గీత వెలిగిందా, అక్కడ పిన్ను తక్కువైంది లేదా జారింది.

అంచుల దగ్గర బొమ్మ కత్తిరించినట్టు ఉంది. కొన్నిచోట్ల గీతలు పగిలినట్టున్నాయి.

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. అంచు తెగడం అంటే వల బొమ్మ అంచు దాకా చేరలేదని అర్థం. తెల్లని కొప్పు నుంచి చెదిరిన వెంట్రుకల్లాంటి సన్నని గీతల దగ్గర ఇది ఎక్కువ. Expansion విలువ పెంచండి, వల అంచు దాటి కాస్త బయటికి పెరుగుతుంది. మరీ పెంచితే దగ్గరదగ్గరగా ఉన్న రెండు భాగాల వలలు కలిసిపోతాయి. పైన చెప్పిన బాతు కాలు మళ్లీ వస్తుంది. పరికరాల వరుసలో Show గడిని టిక్ చేస్తే వల కంటికి కనిపిస్తుంది. దాన్ని చూడకుండా ఈ విలువలు మార్చడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

గీతలు పగిలినట్టు, కోణాలుగా విరిగినట్టు కనిపిస్తే త్రిభుజాలు చాలలేదు. Density పెంచండి. పాత పద్ధతిలో, అంటే Puppet Engine దగ్గర Legacy ఎంచుకున్నప్పుడు, అదే పని చేసే విలువ పేరు Triangles. కంప్యూటర్ నెమ్మదిస్తుంది కాబట్టి తోకలాంటి వంగే ముక్కలకే పెంచండి. అవ్వ గళ్ల చీర ఇక్కడ మంచి పరీక్ష పెడుతుంది. గళ్లు గ్రాఫు కాగితంలా పనిచేసి, వల ఎక్కడ ఎక్కువగా సాగిందో చూపించేస్తాయి. మీ బొమ్మలో సాదా రంగు చీర ఉంటే మీరు అదృష్టవంతులు.

ఒక భాగం మరో భాగం ముందు నుంచి పోవాలి, కానీ వెనక్కి పోతోంది.

ఒకే వలలోని రెండు భాగాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చినప్పుడు ఏది ముందో చెప్పడానికి Puppet Overlap Pin ఉంది. In Front విలువ పెరిగితే ఆ భాగం ముందుకు వస్తుంది, సున్నా కంటే తగ్గితే వెనక్కి పోతుంది. ముక్కలు సరిగ్గా విడదీసుకుంటే దీని అవసరం రాదు. అవ్వ బొమ్మలో ఒక్కసారి కూడా వాడలేదు.

లేయర్‌ను పక్కకు జరిపితే పిన్నులు ఒకచోట, బొమ్మ ఒకచోట ఉన్నాయి.

అది ఇలస్ట్రేటర్ నుంచి తెచ్చిన వెక్టర్ లేయరో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే గీసిన షేప్ లేయరో అయి ఉంటుంది. మామూలు బొమ్మల్లో ముందు పప్పెట్ లెక్క జరిగి, తరువాత లేయర్ జరుపుడు జరుగుతుంది. ఇలాంటి లేయర్లలో ఆ వరుస తలకిందులవుతుంది. లేయర్‌ను ప్రీకంపోజ్ చేసి, లోపల పిన్నులు, బయట జరుపుడు పెట్టుకుంటే తీరిపోతుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కొనలేను. ఉచితంగా ఏముంది?

ఓపెన్‌టూంజ్‌లో ప్లాస్టిక్ టూల్ ఉంది. అందులోనూ బొమ్మ మీద మెష్ అల్లి, లోపల అస్థిపంజరంలా బిందువులు కలిపి, గట్టిగా ఉండాల్సిన చోట్లకు బ్రష్‌తో బిగుతు పూయవచ్చు. గంజి పిన్ను చేసే పనే అది, ఇంకాస్త హాయిగా. పైన చెప్పిన కోతలు, కొలతలు, ఫ్రేముల లెక్కలు అక్కడా అలాగే పనిచేస్తాయి. ఫొటోషాప్‌లో కూడా 2010 నుంచి పప్పెట్ వార్ప్ ఉంది. కానీ అది ఒక భంగిమను మార్చడానికే తప్ప, పిన్నులను కాలంతో పాటు కదిలించడానికి కాదు.

అవ్వ తల తిప్పి పిల్లి వైపు చూసేలా చేయవచ్చా?

పిన్నులతో కుదరదు. తల తిరిగితే అంతకుముందు కనపడని చెంప బయటపడాలి, అవతలి చెవి దాగిపోవాలి. వల ఉన్న రంగును సాగదీయగలదు, లేని చెంపను గీయలేదు. ముక్కును రెండు మూడు పిక్సెళ్లు పక్కకు లాగి తిరిగినట్టు భ్రమ కలిగించవచ్చు గానీ, అంతకు మించితే ముఖం గోడకు నొక్కినట్టవుతుంది. కళ్లు, ముక్కు, నోరు, జుట్టు అన్నీ విడివిడిగా గీసి, ఒక్కోదాన్నీ ఒక్కో వలతో నడిపించే లైవ్2డీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అక్కడ తల కొంతవరకు తిరుగుతుంది, కానీ ఆ బొమ్మను మొదటి గీత నుంచే అందుకోసం గీయాలి.

కథలో ఆ చూపు తప్పనిసరి అయినప్పుడు నేను చేసింది ఇది. పిల్లి వైపు తిరిగిన తలను ఇంకో బొమ్మగా గీసుకున్నాను. మొదటి తల మీద కనురెప్పలు 3 ఫ్రేములు మూయించి, మూసి ఉన్న మధ్య ఫ్రేములో తల మార్చాను. రెప్పలు తెరుచుకునేసరికి అవ్వ పిల్లినే చూస్తోంది.